కొటేషన్‌లో నూటికి పది: ఏ నూటికి?

"నూటికి పది చూసుకొని కొటేషన్ పంపించాం" అనే మాట మిర్చి వర్తకుల నోట తరచు వినిపిస్తుంది. ఆ నూరు ఏ నూరో చెప్పేవారు మాత్రం తక్కువ. సరుకు తనకు పడిన ధరలో ప్రతి నూరు రూపాయలకు పది కలపడం ఒక లెక్క. తాను అమ్మే ధరలో ప్రతి నూరు రూపాయలకు పది మిగలడం మరొక లెక్క. మొదటి దానిని మార్కప్ అనీ, రెండవ దానిని మార్జిన్ అనీ అకౌంటెంట్లు పిలుస్తారు. రెండింటికీ మధ్య తేడా నూటికి రూపాయి కూడా ఉండదు కదా అని సరిపెట్టుకొనే షాపులు ఉన్నాయి. కాని ఆ రూపాయి ఒంటరిగా పోదు. దళాలి, డిస్కౌంటు, తరుగు కూడా అదే దారిన పోతాయి. లారీ బయలుదేరే నాటికి లాభం అనుకున్నది ఖర్చులకు సరిపోతే చాలునన్న స్థితి ఏర్పడుతుంది.

గుంటూరు యార్డులో ఎండు మిర్చి కొని, తొడిమలు తీయించి, పొరుగు రాష్ట్రంలోని మసాలా మిల్లుకు పంపే ఒక వర్తకుని ఉదాహరణగా తీసుకోవచ్చు. మిల్లు వారు 150 క్వింటాళ్ల తొడిమ తీసిన కాయకు తమ గేటు వద్ద అప్పగించే ధర అడిగారు. ఇక్కడ వేసుకున్న అంకెలు లెక్క తేలికగా సాగడానికే తప్ప ఏ ఒక్క రోజు ధారణలూ కావు.

యార్డులో క్వింటాలు 15,000 రూపాయలకు పాడుకున్నారు. మార్కెట్ సెస్సు నూటికి రూపాయి చొప్పున 150 అయింది. హమాలీ, కాటా కూలి, షెడ్డుకు చేరవేత కలిసి 250 వచ్చాయి. తొడిమలు తీసే కూలీలకు మరో 600 పోయాయి. మొత్తం 16,000 రూపాయలు. ఇంతవరకు అందరూ ఒకే విధంగా లెక్క కడతారు.

తొడిమలు, దుమ్ము, చిదిమిన కాయ పోగా నూరు కిలోలకు 92 కిలోలు మిగిలాయి. తరుగు ఎనిమిది కిలోలు. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. గుమాస్తా 16,000 మీద ఎనిమిది శాతం, అంటే 1,280 కలిపి, తొడిమ తీసిన క్వింటాలు 17,280 పడిందని రాసుకుంటాడు. నిజానికి 92 కిలోలకు 16,000 పడితే నూరు కిలోలకు ఎంత పడిందో చూడాలి. 16,000 ÷ 0.92 = 17,391 రూపాయలు. ఎనిమిది శాతం అన్నది కొన్న నూరు కిలోలలో లెక్క. దానిని అమ్మే నూరు కిలోలపై వేయడంతో క్వింటాలుకు 111 రూపాయలు చిట్టాలో నుంచి తప్పిపోయాయి. తరుగు తక్కువగా ఉండే సరుకులో ఈ తేడా పట్టించుకోనవసరం లేదు. తడి కాయ కొని ఆరబెట్టి అమ్మేవారికి, తాలు కాయ ఎక్కువగా ఏరివేయవలసిన లాటు కొన్నవారికి మాత్రం ఇది పెద్ద మొత్తమే. తరుగు ఇరవై కిలోలైతే పడిన ధరపై ఇరవై కాదు, ఇరవై ఐదు శాతం భారం పడుతుంది.

17,391కి కొత్త సంచులు, కుట్టు కూలి, ఎగుమతి హమాలీ 209, మిల్లు వరకు లారీ కిరాయి 400 కలిపితే సరిగ్గా 18,000 రూపాయలు. మిల్లు గేటు వద్ద సరుకు పడిన ధర ఇదీ.

అణాల నాటి లెక్క

ఇప్పుడు యజమాని నూటికి పది మిగలాలన్నాడు. గుమాస్తా 18,000 మీద పది శాతం కలిపి 19,800 అని వేస్తాడు. లాభం 1,800. కాని అమ్మకం 19,800 కాబట్టి ఆ లాభం అమ్మకంలో నూటికి 9 రూపాయల 9 పైసలు మాత్రమే. పది మిగలాలంటే పడిన ధర మొత్తం అమ్మకపు ధరలో తొంభై వంతులు కావాలి. 18,000 ÷ 0.90 = 20,000. అందులో పదో వంతు 2,000. గుమాస్తా వేసిన ధరకూ దీనికీ క్వింటాలుకు 200 రూపాయల తేడా ఉన్నది.

పాత తరం వర్తకులు దీనికి కాగితం తీసేవారు కాదు. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చేవరకు రూపాయికి పదహారు అణాలు. రూపాయికి పావలా లాభం వేశామంటే పదహారు అణాల సరుకు ఇరవై అణాలకు అమ్మినట్లు. ఆ ఇరవైలో లాభం నాలుగు, అంటే అయిదో వంతు. పడిన ధర మీద నాలుగో వంతు అమ్మకంలో అయిదో వంతు అవుతుంది. అలాగే అయిదో వంతు ఆరో వంతు అవుతుంది, పదో వంతు పదకొండో వంతు అవుతుంది. కింది అంకెకు ఒకటి కలిపితే చాలు. వెనక్కు రావాలంటే ఒకటి తీసివేయాలి. అమ్మకంలో పదో వంతు మిగలాలంటే పడిన ధరపై తొమ్మిదో వంతు వేయాలి. 18,000లో తొమ్మిదో వంతు 2,000. అణాలు పోయినా ఈ లెక్క పోలేదు. క్యాలిక్యులేటర్ వచ్చిన తరువాత దీనిని మరచిపోయిన వారు మాత్రం చాలామంది ఉన్నారు. శాతం మీట నొక్కితే అది సాధారణంగా పడిన ధరపైనే కలుపుతుంది, అమ్మే ధరలో ఎంత మిగలాలని అడగదు.

వంతులకు లొంగని అంకెలు వచ్చినప్పుడు మరో మార్గం ఉన్నది. నూరులో నుంచి కోరుకున్న మార్జిన్ తీసివేసి, మిగిలిన దానితో ఆ మార్జిన్‌ను భాగించాలి. పన్నెండు కావాలంటే ఎనభై ఎనిమిదితో పన్నెండును భాగించగా పడిన ధరపై 13.64 శాతం వేయవలసి ఉంటుందని తేలుతుంది. మార్జిన్ చిన్నదిగా ఉన్నంతకాలం రెండు అంకెలూ దగ్గరగానే నడుస్తాయి. పెరిగేకొద్దీ విడిపోతాయి. అమ్మకంలో ఇరవై కావాలంటే పడిన ధరపై ఇరవై ఐదు, ముప్పై మూడున్నొక వంతు కావాలంటే యాభై, సగం కావాలంటే నూటికి నూరు వేయాలి. ప్యాకెట్లు కట్టి కారం అమ్మేవారికి ఈ తేడా వెంటనే కంటపడుతుంది. బస్తాల వర్తకుడికి కనపడదు. అతని లాభం సన్నగా ఉంటుంది కాబట్టి అతనికి నొప్పి మాత్రం ఎక్కువ.

అమ్మకాన్ని పట్టుకొని ఉండే ఖర్చులు

20,000 అని తేల్చుకొని కొటేషన్ పంపించినా పని పూర్తి కాలేదు. మిల్లు తరఫున మాట్లాడిన దళారికి అమ్మకం విలువలో నూటికి ఒకటి ఇవ్వాలి. ఏడు రోజులలో సొమ్ము పంపితే మరొకటి తగ్గిస్తామని షరతు రాశారు, మిల్లు వారు దానిని తప్పక వాడుకుంటారు. ఈ రెండూ పడిన ధరను బట్టి వచ్చేవి కావు, అమ్మే ధరను బట్టి వచ్చేవి. ధర పెంచితే ఇవీ పెరుగుతాయి. అందుచేత 18,000కి రెండు శాతం, 360 రూపాయలు కలిపి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. లాభం పది, దళాలి ఒకటి, డిస్కౌంటు ఒకటి, మొత్తం పన్నెండు నూరులో నుంచి తీసివేస్తే ఎనభై ఎనిమిది మిగులుతుంది. 18,000 ÷ 0.88 = 20,455 రూపాయలు.

సరిచూసుకోవడం తేలిక. 20,455లో రెండు శాతం 409. మిగిలినది 20,046. పడిన ధర 18,000 పోగా 2,046. అది 20,455లో పదో వంతే. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఇలా పై నుంచి కిందికి ఒకసారి దిగి చూస్తే చాలు. కింది నుంచి పైకి కలుపుకొంటూ పోయిన లెక్కను మళ్లీ కింది నుంచే సరిచూస్తే అదే తప్పు మళ్లీ ఒప్పుగా కనిపిస్తుంది.

పన్ను సంగతి వేరు. 2017 జూలై నుంచి అమలులో ఉన్న జి.ఎస్.టి. ఎండు మిర్చిపై అయిదు శాతం. అది కొటేషన్ ధరకు పైన విడిగా రాసేది. వసూలు చేసి ప్రభుత్వానికి చెల్లించేది కాబట్టి వర్తకుని అమ్మకంలో భాగం కాదు. 20,455కు పన్ను 1,023 కలిపి బిల్లు 21,478 అవుతుంది. ఈ మొత్తం మీద మార్జిన్ చూసుకొంటే తొమ్మిదిన్నరే కనిపించి, పొరపాటున ధర పెంచే ప్రమాదం ఉన్నది. దళాలి పన్ను లేని ధర మీదనా, బిల్లు మొత్తం మీదనా అన్నది మాత్రం ముందే రాసుకోవడం మేలు. తగాదాలు అక్కడే వస్తాయి.

ఇక గుమాస్తా కొటేషన్ అలాగే వెళ్లిపోయిందనుకుందాం. తరుగును కలిపివేసి 17,280, దానిపై సంచులు, కిరాయి 609, మొత్తం 17,889. పది శాతం కలిపితే 19,678. మిల్లు వారు సంతోషంగా ఒప్పుకుంటారు. దళాలి, డిస్కౌంటు 394 పోగా చేతికి 19,284 వస్తుంది. సరుకు నిజంగా పడినది 18,000. మిగిలింది 1,284, అమ్మకంలో ఆరున్నర శాతం. పది అనుకున్నచోట ఆరున్నర.

ఈ ఆరున్నర లాభమా, నష్టమా అన్న ప్రశ్నకు జవాబు షాపు ఖాతా పుస్తకాలలో ఉన్నది. గుమాస్తాల జీతాలు, గిడ్డంగి అద్దె, కరెంటు, ఫోను, బ్యాంకు వడ్డీ, కాపలా కలిసి గత సంవత్సరం అమ్మకాలలో నూటికి ఏడు రూపాయలు అయ్యాయనుకుందాం. ఇలాంటి ఖర్చులను ఏ ఒక్క క్వింటాలుకూ నేరుగా అంటగట్టడం కుదరదు. సంవత్సరాంతంలో టర్నోవరు పక్కన పెట్టి చూసుకోవలసిందే. వర్తకులు మార్కప్ కన్న మార్జిన్‌ను కోరుకోవడానికి అసలు కారణం ఇదే. ఖర్చులు అమ్మకంలో నూటికి ఇంత అని తెలుస్తాయి కాబట్టి లాభం కూడా అదే నూరులో చూస్తేనే ఒకదానిలో నుంచి మరొకటి తీసివేయవచ్చు. ఈ షాపుకు నష్టం లేకుండా అమ్మగల కనీస ధర ఎంతో ఇప్పుడు చెప్పవచ్చు. ఏడు, రెండు కలిపి తొమ్మిది తీసివేయగా 18,000 ÷ 0.91 = 19,780 రూపాయలు. గుమాస్తా పంపిన 19,678 దానికన్న 102 రూపాయలు తక్కువ. తరుగు సరిగా వేసి, మార్కప్ మాత్రమే తప్పుగా వేసిన 19,800 కూడా అంచు మీదనే నిలబడి ఉన్నది. అన్ని ఖర్చులూ పోగా దానిలో క్వింటాలుకు 18 రూపాయలు మిగులుతాయి. 150 క్వింటాళ్లకు 2,700. ఒక లారీ మిర్చిపై ఆ మాత్రం మిగులుబాటు కోసం ఎవరూ యార్డుకు తెల్లవారుజామున వెళ్లరు.

గిడ్డంగి మీద అనుమానం

ఈ పొరపాటు బయటపడే తీరు మరీ విచిత్రంగా ఉంటుంది. కొటేషన్ పంపిన రోజున ఎవరికీ తెలియదు, సొమ్ము వచ్చిన రోజునా తెలియదు. సంవత్సరాంతంలో సరుకు లెక్కించి ట్రేడింగ్ అకౌంటు వేసినప్పుడు తెలుస్తుంది. కోటి రూపాయల అమ్మకం మీద పది లక్షలు స్థూల లాభం కనపడాలని యజమాని ఎదురుచూస్తాడు. పడిన ధరపై పది శాతం వేసి అమ్మారు కాబట్టి 9,09,091 మాత్రమే కనపడుతుంది. 90,909 రూపాయలు ఏమయ్యాయి? మొదటి అనుమానం గిడ్డంగి మీదికి, ఆ తరువాత గుమాస్తా మీదికి, కాటా వేసే మనిషి మీదికి పోతుంది. సంచులు మళ్లీ లెక్కిస్తారు. ఎక్కడా ఒక్క బస్తా తక్కువ ఉండదు. అయినా అనుమానం మాత్రం పోదు.

లోటు దొంగతనం వల్లనా, లెక్క వల్లనా అని తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉన్నది. లోటును అమ్మకంతో భాగించి చూడాలి. ప్రతి సంవత్సరమూ, ప్రతి రకం సరుకులోనూ అది నూటికి 90 పైసలకు కాస్త అటూ ఇటూగా వస్తుంటే అది పది శాతం మార్కప్‌ను మార్జిన్ అనుకున్న షాపు. సరుకు పోయిన చోట లోటు ఇంత పద్ధతిగా రాదు. ఒక నెలలో, ఒక గదిలో, ఒక రకంలో పడుతుంది. అదే విధంగా సంవత్సరం మధ్యలో సరుకు లెక్కించకుండా, అమ్మకాలలో నుంచి లాభం తీసివేసి నిల్వ విలువ అంచనా వేసే షాపులు ఉన్నాయి. బ్యాంకుకు నెలవారీ స్టాకు స్టేట్‌మెంటు ఇచ్చేవారు చాలామంది ఇలాగే చేస్తారు. కోటి అమ్మకంలో పది శాతం తీసి తొంభై లక్షల సరుకు పోయిందని రాస్తే, మార్కప్ షాపులో నిజంగా పోయింది 90,90,909. కాగితం మీద గిడ్డంగిలో ఉండని సరుకు తొంభై వేలకు పైగా ఉంటుంది. బ్యాంకు అధికారి తనిఖీకి వచ్చిన రోజున సమాధానం చెప్పడం కష్టం.

అయిదు తగ్గిస్తే ఎంత తగ్గినట్లు?

సరైన కొటేషన్ 20,455 అందిన తరువాత మిల్లు వారి నుంచి దళారి ఫోను రావడం ఖాయం. "ఎక్కువ లేదండీ, అయిదు శాతం సడలిస్తే లారీ ఎక్కించేద్దాం" అంటాడు. పదిలో అయిదు పోతే అయిదు మిగులుతుంది కదా అని యజమానికి తోస్తుంది. లెక్క కూడా దాదాపు అలాగే చెబుతుంది. ధర 19,432 అవుతుంది. దళాలి, డిస్కౌంటు 389 పోగా 19,043. మిగిలేది 1,043, అమ్మకంలో 5.4 శాతం. కాని షాపు ఖర్చులు ఏడు అన్నది ఎక్కడికీ పోలేదు. ధర నూటికి అయిదు తగ్గగా లాభం సగానికి పడిపోయింది, ఖర్చులు పోగా నష్టంలోకి దిగింది. కొనేవాడి అయిదు అమ్మే ధర మొత్తం మీద, అమ్మేవాడి పది ఆ ధరలో ఒక్క ముక్క. ఈ షాపు తగ్గగలిగింది 20,455 నుంచి 19,780 వరకు, అంటే నూటికి మూడుంబావు. ఆ అంకె ముందే కాగితం మీద ఉంటే ఫోనులో సమాధానం చెప్పడం తేలిక.

ఈ లెక్కకు హద్దు కూడా ఉన్నది. పడిన ధరపై లాభం వేసుకున్నంత మాత్రాన ఆ ధరకు కొనేవాడు దొరుకుతాడని లేదు. మిర్చి ధర యార్డులో పాట మీద నిర్ణయమవుతుంది, వర్తకుని చిట్టాలో కాదు. పక్క షాపువాడు ముందే చవకగా కొని కోల్డ్ స్టోరేజిలో పెట్టుకొని ఉంటే 19,500కు ఇవ్వగలడు. అప్పుడు 20,455 సరైన లెక్కే అయినా ఆర్డరు రాదు. ఈ లెక్క చెప్పేది ఎంతకు అమ్ముడవుతుందో కాదు, ఎక్కడ ఆగాలో మాత్రమే.

కోల్డ్ స్టోరేజి మాట వచ్చింది కాబట్టి పడిన ధర అంటే ఏది అన్న ప్రశ్న కూడా తలెత్తుతుంది. సీజనులో 13,000కు కొన్న కాయ ఈనాడు యార్డులో 15,000 పలుకుతుంటే కొటేషన్‌కు ఏది పట్టుకోవాలి? అనుభవజ్ఞులు ఈనాటి 15,000నే పట్టుకుంటారు. తొడిమ తీయకుండా అదే కాయను ఈనాడు యార్డు ధరకే అమ్ముకోగలిగినప్పుడు, పాత ధరపై పది శాతం వేసి మిల్లుకు పంపడం కోల్డ్ స్టోరేజిలో సంపాదించుకున్న 2,000ను మిల్లుకు దానం చేయడమే. ధర పడిపోయినప్పుడు కూడా ఇదే సూత్రం. 17,000కు కొన్నానని పట్టుబట్టి దానిపై లాభం వేసినవాడి కొటేషన్ చెత్తబుట్టలోకి పోతుంది. నిల్వ మీద వచ్చిన నష్టం నిల్వ ఖాతాలోనే చూసుకోవాలి.

చివరకు గడువు. మిల్లు వారు కొటేషన్ అందుకొని పది రోజులు ఆలోచించి "సరే" అనవచ్చు. ఆలోగా యార్డులో కాయ 500 రూపాయలు పెరిగితే కొటేషన్ కూడా 500 పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 500కు సెస్సు అయిదు రూపాయలు తోడై 505 అవుతుంది. తరుగు వల్ల దానిని 0.92తో భాగిస్తే 549. లాభం, దళాలి, డిస్కౌంటు కోసం 0.88తో భాగిస్తే 624 రూపాయలు. అందుచేత గుంటూరు నుంచి పంపే కొటేషన్లలో ధర పక్కన "ఈ ధర మూడు రోజులకు మాత్రమే వర్తిస్తుంది" అని రాసి, ఆపైన యార్డు ధరలో ప్రతి నూరు రూపాయల పెరుగుదలకు క్వింటాలుకు 125 రూపాయలు చేరుతుందని కూడా కలిపి రాయవచ్చు. యార్డు ధర తగ్గితే అదే లెక్కన తగ్గించవలసి వస్తుంది. మిల్లు వారు ఆ మాట అడగకుండా వదలరు.